థీసిస్ అధ్యాయ పరిచయాన్ని తిరగరాయడం ఎలా: వాదన ముందే చెప్పాలి, ప్రతి విభాగానికీ పని చూపించాలి

ఎడ్యుకేషన్ పీహెచ్‌డీ థీసిస్‌లో అధ్యాయం మొదటి పేజీ చదివిన గైడ్ మార్జిన్‌లో "ఇంతకీ ఈ అధ్యాయంలో ఏం చెబుతున్నారు?" అని రాశారంటే, అధ్యాయంలో విషయం లేదని కాదు. విషయం 30వ పేజీలో ఎక్కడో ఉంది, పరిచయంలో లేదు. పరిచయం సాధారణంగా అధ్యాయం కన్నా ముందు రాస్తాం. అప్పటికి ఏం తేలబోతోందో మనకే తెలియదు, కాబట్టి అంశం పేరు చెప్పి వదిలేస్తాం. అధ్యాయం పూర్తయ్యాక ఆ పేజీని మళ్లీ తెరవం. ఆ పేజీని తిరగరాయడం ఎలాగో ఒక నమూనా అధ్యాయం పట్టుకుని చూద్దాం. థీసిస్ తెలుగులో రాస్తున్నా, ఇంగ్లీషులో రాస్తున్నా పద్ధతి ఇదే.

నమూనా ఇది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. వాటిని తరగతిలో ఎలా వాడుతున్నారన్నది థీసిస్ అంశం. 4వ అధ్యాయం ఫలితాల అధ్యాయం, 40 పేజీలు. 6 ప్రాథమిక పాఠశాలలు, 48 పాఠాల పరిశీలన, 12 మంది ఉపాధ్యాయుల ఇంటర్వ్యూలు, పిల్లల నోటుపుస్తకాలు అందులోని దత్తాంశం. పుస్తకాలు నిజమైనవే కానీ ఈ థీసిస్, దాని అంకెలు, ఫలితాలు పద్ధతి చూపించడానికి కల్పించినవి. వాటిని ఎక్కడా ఉదహరించకండి.

ఆ అధ్యాయానికి ఉన్న పాత పరిచయం:

> విద్య మానవ వికాసానికి పునాది. భారతదేశ భవితవ్యం తరగతి గదుల్లో రూపుదిద్దుకుంటోందని కొఠారి కమిషన్ 1966లో పేర్కొంది. విద్యా హక్కు చట్టం 2009, సెక్షన్ 29(2)(ఎఫ్) వీలైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని నిర్దేశించింది. జాతీయ విద్యా విధానం 2020 కూడా వీలున్నచోట కనీసం 5వ తరగతి వరకు మాతృభాషా బోధనను సమర్థించింది. గత అధ్యాయంలో పరిశోధన పద్ధతి గురించి వివరించడం జరిగింది. ప్రస్తుత అధ్యాయంలో దత్తాంశ విశ్లేషణ మరియు వ్యాఖ్యానం చేయడం జరిగింది. మొదట పరిశీలన ఫలితాలు, తర్వాత తరగతి సంభాషణ, ఆ తర్వాత ఇంటర్వ్యూ ఫలితాలు, చివరగా నోటుపుస్తకాల విశ్లేషణ చర్చించబడ్డాయి.

ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. అదే దీంతో వచ్చిన చిక్కు. మొదటి నాలుగు వాక్యాలను తెలుగు రాష్ట్రాల్లో బోధనా భాష మీద రాసిన ఏ థీసిస్‌లోనైనా, ఏ అధ్యాయం ముందైనా అతికించొచ్చు.

1. ముందు పరిచయం ఫైలు మూసేయండి

పాత పరిచయాన్ని ముందు పెట్టుకుని దిద్దడం మొదలుపెడితే మాటలు మారతాయి, పని మారదు. దాన్ని పక్కన పెట్టి, అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి వరకు చదువుతూ ఒక తెల్లకాగితం మీద రెండు నిలువు గడులు గీయండి. ఎడమ గడిలో ఆ విభాగం ఏం చెబుతోందో ఒక్క వాక్యం రాయండి. కుడి గడిలో, ఆ విభాగం తీసేస్తే అధ్యాయానికి ఏం లోటు వస్తుందో ఒక్క వాక్యం రాయండి. కుడి గడి కోసమే ఈ కసరత్తంతా. 40 పేజీల అధ్యాయానికి ఒక పూట పడుతుంది.

మన నమూనాలో తరగతి సంభాషణ విభాగానికి ఎడమ గడిలో ఇలా పడింది: "టీచర్ తెలుగులో అడుగుతారు, జవాబు మాత్రం ఇంగ్లీషు పదంలో కావాలంటారు, అందుకని పిల్లలు ఒక్క మాటతో ఆగిపోతారు." కుడి గడిలో ఇలా పడింది: "పుస్తకం పేజీల్లో కనిపించిన భాషల పంపకం మాటల్లోనూ ఉందని, దానివల్ల పిల్లల మాట కుదించుకుపోతోందని ఇది చూపిస్తుంది. ఇది లేకపోతే పంపకం పుస్తకం వరకే అనుకుంటారు."

కుడి గడి నిండని విభాగం తగిలితే అక్కడ ఆగండి. రెండు అవకాశాలున్నాయి. ఆ విభాగం అనుబంధానికి పోవాల్సిన పట్టికల కుప్ప కావచ్చు. లేదా రెండు పనులు ఒకే శీర్షిక కింద ఇరుక్కుని ఉండొచ్చు. పరిచయాన్ని ఎంత అందంగా రాసినా ఈ రెండూ దాగవు, కాబట్టి ముందు అధ్యాయాన్నే సరిచేయాలి.

నమూనాలో ఇంకో సంగతి బయటపడింది. పాత వరుసలో ఇంటర్వ్యూలు మూడో విభాగం, నోటుపుస్తకాలు నాలుగోది. కానీ ఇంటర్వ్యూల్లో ఉపాధ్యాయులు మాటిమాటికీ నోటుపుస్తకాల గురించే మాట్లాడుతున్నారు. చదివేవారు ఆ నోటుపుస్తకాలను ఇంకా చూడనే లేదు. అంటే ఫలానాది ఎందుకు జరుగుతోందో మూడో విభాగం చెబుతోంది, ఆ ఫలానాది ఏమిటో నాలుగోది చెబుతోంది. పరిచయంలో ఈ రెండింటినీ "అందువల్ల" అనే మాటతో కలపబోతే వాక్యం కుదరదు. కుదరకపోవడం భాష లోపం కాదు, వరుస తప్పిందన్న గుర్తు. నోటుపుస్తకాలను మూడోదిగా, ఇంటర్వ్యూలను నాలుగోదిగా మార్చితే సరిపోతుంది. దత్తాంశం సేకరించిన వరుసలో విభాగాలు పేర్చుకుంటే తరచూ ఇలాగే అవుతుంది.

2. అధ్యాయం వాదనను ఒక వాక్యంలో పట్టుకోండి

కుడి గడిని పై నుంచి కిందికి చదివితే వాదన దాదాపు దొరుకుతుంది. దాన్ని వాక్యంగా మలచేటప్పుడు ఒకటే చూసుకోండి: చదువుకున్న ఉపాధ్యాయుడు ఎవరైనా "అలా కాదేమో" అనడానికి అందులో చోటుందా?

"ద్విభాషా పాఠ్యపుస్తకాల వినియోగంలో అనేక సవాళ్లు ఉన్నాయి" అంటే ఎవరూ కాదనరు. కాదనలేని వాక్యం వాదన కాదు. "ఉపాధ్యాయులు రెండు భాషలూ వాడుతున్నారు" అన్నది పరిశీలన, అదీ సరిపోదు. ఇప్పుడు దీన్ని చూడండి: "ఈ తరగతుల్లో అర్థం చేసుకోవడం తెలుగు పనిగా, రాయడం ఇంగ్లీషు పనిగా విడిపోయింది. ఉపాధ్యాయులకు ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాదు, నోటుపుస్తకం ఇంగ్లీషులో నిండాలన్న ఒత్తిడి వల్ల." దీనితో గొడవ పడొచ్చు. టీచర్లకు ఇంగ్లీషు రాదు కాబట్టే తెలుగులో చెబుతున్నారని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయాన్ని ఈ వాక్యం సూటిగా ఎదుర్కొంటోంది. "ఇది కాదు, అది" అనే నిర్మాణం ప్రతి అధ్యాయానికీ నప్పదు, కానీ చిత్తు దశలో రాసి చూడటం మంచిది. మీరు ఎవరితో విభేదిస్తున్నారో అది బయటపెడుతుంది. ఎవరితోనూ విభేదించడం లేదని తేలితే, కనీసం ఏ కారణాన్ని ఏ ఫలితంతో కలుపుతున్నారో వాక్యంలో ఉండాలి.

వాదన మొదట్లోనే చెప్పేస్తే ఆసక్తి పోతుందని కొందరు జంకుతారు. థీసిస్ అపరాధ పరిశోధన నవల కాదు. పరీక్షకులు హంతకుడి కోసం చదవరు. మీరు హంతకుడన్న వ్యక్తిని సాక్ష్యాలతో పట్టించారా లేదా అని చూస్తారు. ఎవరిని పట్టించబోతున్నారో ముందే తెలిస్తే ప్రతి సాక్ష్యాన్నీ ఆ కళ్లతోనే తూస్తారు.

3. పాత పరిచయంలో ఏది ఎక్కడికి పోవాలో తేల్చండి

ఇప్పుడు పాత పేజీ తెరిచి ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడి సరుకో రాయండి. నమూనాలో కొఠారి కమిషన్, చట్టం, విధానం మూడూ 1వ అధ్యాయం సరుకు. అక్కడ ఎలాగూ ఉన్నాయి, కాబట్టి ఇక్కడ కొట్టేయడమే. ఒక్క మినహాయింపు ఉంది: సెక్షన్ 29(2)(ఎఫ్)లోని "వీలైనంత వరకు" అన్న మాట మీదే మీ వాదన నిలబడి ఉంటే అప్పుడు ఉంచండి. లేకపోతే అది అలంకారం. "విద్య మానవ వికాసానికి పునాది" గురించి వేరే చెప్పనక్కర్లేదు.

"గత అధ్యాయంలో పరిశోధన పద్ధతి వివరించడం జరిగింది" అన్నది అవసరమైన వాక్యమే, కానీ అర్ధాకలితో ఉంది. గత అధ్యాయం నుంచి ఈ అధ్యాయానికి చేతికి అందింది ఏమిటో చెప్పాలి: ఎన్ని బడులు, ఏ దత్తాంశం, ఏ పరిశోధన ప్రశ్న.

చివరి వాక్యం విభాగాల పట్టిక. ఎక్కువ శ్రమ పెట్టాల్సింది దీని మీదే.

4. ప్రతి విభాగాన్నీ "ఏమని?" అని అడగండి

"తరగతి సంభాషణ చర్చించబడింది." ఏమని? జవాబు లేదు. "ఇంటర్వ్యూ ఫలితాలు వివరించడం జరిగింది." ఏమని? మళ్లీ లేదు.

ఇక్కడ తెలుగు మనకు సాయం చేస్తుంది. చర్చించు, వివరించు, విశ్లేషించు, పరిశీలించు అనే క్రియలు "ను" తగిలించిన ఒక నామవాచకంతో తృప్తిపడతాయి: సంభాషణను చర్చిస్తుంది, దత్తాంశాన్ని విశ్లేషిస్తుంది. వాక్యం పూర్తయినట్టే ఉంటుంది, ఏమీ చెప్పి ఉండదు. చూపుతుంది, వాదిస్తుంది, నిరూపిస్తుంది, తేలుస్తుంది లాంటి క్రియలకు ముందు "అని" కావాలి. "అని" రాయాలంటే దానికి ముందు ఒక పూర్తి వాక్యం ఉండాలి. అంటే వ్యాకరణమే మీ చేత తీర్పు చెప్పిస్తుంది. కాబట్టి ప్రతి విభాగం వాక్యాన్నీ ముందు "అని" రూపంలో రాయండి. అన్నీ అలాగే ఉంచితే విసుగు పుడుతుంది కాబట్టి తర్వాత ఒకటి రెండు మార్చండి. పోలుస్తుంది, తోసిపుచ్చుతుంది, పరిమితం చేస్తుంది కూడా మంచివే. దేనితో దేన్ని పోల్చి ఏం తేల్చిందో, దేన్ని ఏ ఆధారంతో తోసిపుచ్చిందో మాత్రం అదే వాక్యంలో ఉండాలి.

"చర్చించబడింది", "చేయడం జరిగింది" వదిలించుకోవడానికి ఇంకో కారణం ఉంది. పని ఎవరు చేశారో ఆ రూపాల్లో కనిపించదు. "నేను" అని రాయడానికి మీ విశ్వవిద్యాలయం ఒప్పుకోకపోయినా, ప్రతిచోటా "పరిశోధకురాలు" అని రాయడం ఇబ్బందిగా ఉన్నా, విభాగాన్నే కర్తగా పెట్టండి: "4.2 విభాగం చూపుతుంది." ఎవరికీ అభ్యంతరం ఉండదు.

క్రియ చివర వచ్చే భాష కావడం వల్ల ఒక జాగ్రత్త కూడా అవసరం. నాలుగు విభాగాలనూ కామాలతో ఒకే వాక్యంలో పేరిస్తే, చదివేవారు ఆఖరి క్రియ కోసం ఐదు పంక్తులు మోసుకుంటూ పోవాలి. విభాగానికి ఒకటి లేదా రెండు వాక్యాలు, ప్రతి వాక్యం మొదట్లో విభాగం సంఖ్య. "మొదట, తర్వాత, ఆ తర్వాత, చివరగా" వద్దు. అవి వరుస చెబుతాయి, సంబంధం చెప్పవు. "అదే పంపకం", "దానికి కారణం", "అయినా" లాంటి మాటలు రెండు విభాగాల మధ్య ముడి వేస్తాయి.

5. ఇప్పుడు కొత్త పరిచయం రాయండి

నాలుగు భాగాలు చాలు: వెనకటి అధ్యాయంతో ముడి, వాదన, హద్దు, విభాగాల వాక్యాలు. 40 పేజీల అధ్యాయానికి ఒకటి నుంచి ఒకటిన్నర పేజీ సరిపోతుంది. అందులో సగం దాకా విభాగాల వాక్యాలకే పోతుంది. నమూనా:

> 3వ అధ్యాయంలో చెప్పినట్టు, 6 పాఠశాలల్లో 48 పాఠాల పరిశీలన, 12 మంది ఉపాధ్యాయుల ఇంటర్వ్యూలు, పిల్లల నోటుపుస్తకాలు ఈ పరిశోధనకు ఆధారం. ద్విభాషా పాఠ్యపుస్తకం తరగతిలో ఎలా వాడుకలో ఉంది, అలాగే ఎందుకు ఉంది అన్న రెండో పరిశోధన ప్రశ్నకు ఈ అధ్యాయం జవాబిస్తుంది.
>
> ఈ తరగతుల్లో ద్విభాషా పాఠ్యపుస్తకం రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి అర్థం చేయించే సాధనంగా వాడుకలో లేదని, ఒక్కో భాషకు ఒక్కో పని అప్పగించే సాధనంగా మారిందని ఈ అధ్యాయం వాదిస్తుంది. అర్థం చేసుకోవడం తెలుగులో, రాయడం ఇంగ్లీషులో జరుగుతున్నాయి. ఈ పంపకానికి ప్రధాన కారణం ఉపాధ్యాయుల ఇంగ్లీషు సామర్థ్యం కాదు, నోటుపుస్తకం ఇంగ్లీషులో నిండాలన్న ఒత్తిడి.
>
> ఈ వాదన పరిశీలించిన 6 పాఠశాలల్లో 4, 5 తరగతుల గణితం, పరిసరాల విజ్ఞానం పాఠాలకు సంబంధించినది. పంపకం వల్ల పిల్లల మార్కులు పెరిగాయా, తగ్గాయా అన్నది ఈ అధ్యాయం కొలవదు.
>
> 4.1 విభాగం 48 పాఠాల్లో ఏ పేజీ ఎప్పుడు తెరిచారో నమోదు చేసి, వివరణకు తెలుగు పేజీ, రాతకు ఇంగ్లీషు పేజీ వాడుతున్నారని చూపుతుంది. 4.2 విభాగం అదే పంపకం తరగతి మాటల్లోనూ ఉందని చూపుతుంది: ప్రశ్న తెలుగులో, ఆశించే జవాబు ఇంగ్లీషులో ఉండటంతో పిల్లల జవాబులు ఒక్క మాటకు కుదించుకుపోతున్నాయి. 4.3 విభాగం నోటుపుస్తకాల వైపు తిరిగి, తరగతిలో తెలుగులో సాగిన వివరణ జాడ నోటుపుస్తకంలో దాదాపు మిగలడం లేదని తేలుస్తుంది. దీనికి కారణం 4.4 విభాగం ఇంటర్వ్యూల్లో వెతుకుతుంది. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న 5 మంది ఉపాధ్యాయుల పాఠాల్లోనూ ఇదే పంపకం కనిపించడాన్ని ఆధారం చేసుకుని, ఇంగ్లీషు సామర్థ్యమే కారణమన్న వివరణను అది తోసిపుచ్చుతుంది. తల్లిదండ్రులు, తనిఖీకి వచ్చే అధికారులు చూసేది నోటుపుస్తకాన్నే అని ఉపాధ్యాయులు చెప్పిన తీరును అది ముందుకు తెస్తుంది.

ఇందులో కొన్ని చోట్లు దగ్గరగా చూడాల్సినవి.

4.3 వాక్యంలో "దాదాపు" అన్న మాట ఊరికే పడలేదు. అధ్యాయంలో కొన్ని నోటుపుస్తకాల అంచుల్లో పిల్లలు పెన్సిల్‌తో రాసుకున్న తెలుగు అర్థాలు ఉన్నాయనుకుందాం. పరిచయంలో "మిగలడం లేదు" అని తెగేసి చెబితే, ఆ పేజీకి వచ్చిన పరీక్షకులు వైవాలో సరిగ్గా దాన్నే పట్టుకుంటారు. పరిచయం ఎంత గట్టిగా చెప్పవచ్చో ఆ విభాగంలోని అతి బలహీనమైన సాక్ష్యం నిర్ణయిస్తుంది.

4.4కి మిగతావాటి కన్నా ఎక్కువ చోటు దక్కింది. "ఎందుకు" అన్న భాగాన్ని మోసేది అదొక్కటే కాబట్టి అలా దక్కాలి. అన్ని విభాగాలకూ సమానంగా పంచాలని చూడకండి. అయితే 4.4 మూడో వాక్యంలోని "ముందుకు తెస్తుంది" కాస్త మెత్తగా ఉంది. ఏమని? వాదనలో "ఒత్తిడే ప్రధాన కారణం" అన్నాక ఇక్కడ మెత్తబడితే రెండూ పొసగవు. "తల్లిదండ్రులు, అధికారులు చూసేది నోటుపుస్తకాన్నే కాబట్టి అది ఇంగ్లీషులో నింపుతున్నామని ఉపాధ్యాయులు చెప్పారని చూపుతుంది" అని మార్చితే దారికి వస్తుంది. ఇంకో మాట: 12 మంది చెప్పిన కారణం, వాళ్లు చెప్పుకున్న కారణమే. దాన్ని "ప్రధాన కారణం" అనడానికి ఇంటర్వ్యూలు చాలవని మీకే అనిపిస్తే, వాదన వాక్యాన్నే "ఉపాధ్యాయుల మాటల్లో కనిపించే ప్రధాన కారణం" అని దించాలి. విభాగం వాక్యం రాసేటప్పుడే పెద్ద వాదన బరువు ఇలా సరిచూసుకోవచ్చు.

హద్దు చెప్పే వాక్యాలు రెండే ఉన్నాయి. పరిమితుల జాబితా అంతా ఇక్కడ దింపితే వాదన మొదలవకముందే క్షమాపణ మొదలవుతుంది. చదివేవారు తప్పకుండా ఆశించేది, మీరు ఇవ్వనిది ఏదో ఒకటే చెప్పండి. ద్విభాషా పుస్తకాల గురించి చదివే ఎవరైనా "మరి మార్కులు?" అంటారు. అందుకే ఆ సంగతి అక్కడ ఉంది.

శాతాలు, పట్టికలు, ఇంటర్వ్యూల ఉల్లేఖనలు పరిచయంలో లేవు. బడుల, పాఠాల సంఖ్య ఉంది, ఫలితాల అంకెలు లేవు. అంకె ఇక్కడ వేస్తే దానికి సందర్భం చెప్పాలి, సందర్భం చెబితే 4.1 ఇక్కడే మొదలైపోతుంది.

6. శీర్షికలను, పదాలను, ముగింపును పరిచయంతో కలపండి

పరిచయం మారాక అధ్యాయంలోని శీర్షికలు పాతబడతాయి. "పరిశీలన ఫలితాలు", "ఇంటర్వ్యూ ఫలితాలు" అన్నవి దత్తాంశం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాయి, ఏం చెబుతుందో చెప్పవు. "4.1 వివరణకు తెలుగు పేజీ, రాతకు ఇంగ్లీషు పేజీ" అని పెడితే పరిచయంలోని వాక్యం చదివినవారు విభాగానికి వచ్చినప్పుడు గుర్తుపడతారు.

పదాలది మరో తలనొప్పి. పరిచయంలో "ద్విభాషా పాఠ్యపుస్తకం" అని, 4.1లో "మిర్రర్ ఇమేజ్ పుస్తకం" అని, 4.3లో "రెండు భాషల పుస్తకం" అని ఉంటే, అవి మూడు వేర్వేరు పుస్తకాలా అన్న అనుమానం వస్తుంది. బడిలో పాఠ్యపుస్తకాన్ని మార్చి మార్చి పిలవడం మామూలే, ఇంటర్వ్యూల్లో ఉపాధ్యాయుల మాట అలాగే ఉంచండి. మీ సొంత వాక్యాల్లో మాత్రం ఒకే పేరు. ఈ అధ్యాయంలో "పంపకం" అన్న మాటకూ అదే నియమం. ఒకచోట పంపకం, ఇంకోచోట విభజన, మరోచోట వేర్పాటు అంటే వాదన చేజారుతుంది. మాట మళ్లీ మళ్లీ వస్తోందని జంకకండి. వ్యాసరచన పోటీలో పర్యాయపదాలకు మార్కులు పడతాయేమో, థీసిస్‌లో పడవు.

తర్వాత అధ్యాయం చివరి రెండు పేజీలు తీసి పరిచయం పక్కన పెట్టండి. ముగింపులో కొత్త విషయం కనిపిస్తే, ఉదాహరణకు శిక్షణ లేకపోవడం కూడా కారణమని ఉంటే, దాన్ని పరిచయంలోకి తేవాలి, లేదా ముగింపులోంచి తీసేయాలి. రాస్తూ రాస్తూ ఆలోచన ముందుకు పోతుంది కాబట్టి ఎక్కువసార్లు ముగింపే సరైనది, పరిచయమే వెనకబడి ఉంటుంది.

గణాంకాల అధ్యాయమైతే

సర్వే చేసి, శూన్య పరికల్పనలు పెట్టి, టీ-టెస్టులు వేసిన థీసిస్‌లలో 4వ అధ్యాయం లక్ష్యాల వరుసలో నడుస్తుంది. గైడ్ కూడా ఆ వరుస మార్చనివ్వకపోవచ్చు. మార్చనక్కర్లేదు. పరికల్పనలు 12 ఉంటే పరిచయంలో 12 వాక్యాలు రాయకుండా, వాటిని ఫలితాన్ని బట్టి గుంపులు చేయండి. ఉదాహరణకు: "4.1 నుంచి 4.3 వరకు ఉన్న విభాగాలు ఉపాధ్యాయుల వైఖరిలో లింగం, అనుభవం, ప్రాంతం వల్ల సార్థకమైన తేడా కనిపించలేదని చూపుతాయి. శిక్షణ పొందినవారికీ పొందనివారికీ మధ్య సార్థకమైన తేడా ఉందని 4.4 చూపుతుంది." వరుస లక్ష్యాలదే, తీర్పు మాత్రం ముందే వచ్చింది. "తేడా కనిపించలేదు" అన్నదాన్ని "తేడా లేదు" అని రాయకండి. శూన్య పరికల్పనను తిరస్కరించలేకపోవడం, అది నిజమని నిరూపించడం ఒకటి కాదు.

సాహిత్య సమీక్ష అధ్యాయానికీ ఇదే "ఏమని?" పనికొస్తుంది. "విదేశీ అధ్యయనాలు, స్వదేశీ అధ్యయనాలు" అన్న పాత విభజన ఏ ప్రశ్నకూ జవాబివ్వదు. ఏ గుంపు అధ్యయనాలు దేన్ని తేల్చాయో, దేన్ని వదిలేశాయో చెప్పాలి.

7. అధ్యాయం చూపించకుండా పరీక్షించండి

కొత్త పరిచయం ఒక్కదాన్నే ప్రింట్ తీసి, మీ అంశం తెలియని తోటి స్కాలర్‌కు ఇవ్వండి. చదివాక కాగితం వెనక్కి తీసుకుని రెండు అడగండి: ఈ అధ్యాయం ఏమంటోంది? 4.3 లేకపోతే ఏం పోతుంది? మొదటిదానికి "ద్విభాషా పుస్తకాల గురించి" అని జవాబొస్తే వాదన వాక్యం ఇంకా అంశం పేరే చెబుతోందన్నమాట. రెండోదానికి తడబడితే ఆ విభాగం వాక్యానికి పక్కవాటితో ముడి పడలేదన్నమాట. "బాగుంది" అన్న జవాబును లెక్కలోకి తీసుకోకండి.

8. చివరగా సంఖ్యలు

విభాగాల వరుస మార్చాక పరిచయంలో "4.3" అని చేత్తో టైప్ చేసిన చోట్లన్నీ తప్పుతాయి. వర్డ్‌లో శీర్షికలకు హెడింగ్ స్టైల్, దానికి సంఖ్యల వరుస పెట్టుకుని ఉంటే, సంఖ్యను టైప్ చేయకుండా References ట్యాబ్‌లో Cross-reference తెరిచి, Reference type దగ్గర Heading, Insert reference to దగ్గర Heading number ఎంచుకోండి. వరుస మారినప్పుడు Ctrl+A, తర్వాత F9 నొక్కితే సంఖ్యలు సరిపడతాయి. శీర్షికను పూర్తిగా తొలగించి మళ్లీ టైప్ చేస్తే లంకె తెగిపోయి, సంఖ్య ఉండాల్సిన చోట Error! Reference source not found. అని పడుతుంది. అందుకే పీడీఎఫ్ చేసే ముందు ఫైలంతా Error! అని వెతకండి.

తెలుగు థీసిస్‌ను డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేయిస్తుంటే ఈ సదుపాయం మీద ఆధారపడకండి. చివరి ప్రూఫ్ వచ్చాక పరిచయం పేజీ ఒక చేతిలో, అధ్యాయం మరో చేతిలో పట్టుకుని ప్రతి సంఖ్యనూ, దాని శీర్షికనూ విషయసూచికతో సహా వేలు పెట్టి సరిచూడండి. డీటీపీ ఆపరేటర్ సంఖ్యలు మార్చరు, మీరు రాసిచ్చినవే కొడతారు.